తేమ శాతం ఏ గడిలో రాయాలి?

గుంటూరు యార్డులో మిర్చి కొని, కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ధర పలికినప్పుడు అమ్ముకునే ఒక మధ్యతరహా వ్యాపార సంస్థ ఉందనుకుందాం. నిన్నమొన్నటి దాకా వాళ్ల బిల్లులు ట్యాలీలో, సరుకు లెక్క గుమాస్తా గారి చిట్టాలో నడిచాయి. ఇప్పుడు రెండూ కలిపి ఈఆర్‌పీనెక్స్ట్‌లోకి మారారు. కొనుగోళ్లు, సరుకు, అమ్మకాలు, ఖాతాలు అన్నీ ఒకే చోట నడిపే సాఫ్ట్‌వేర్‌ను ఈఆర్‌పీ అంటారు. ముంబైలోని ఫ్రాపే టెక్నాలజీస్ తయారుచేసిన ఓపెన్ సోర్స్ ఈఆర్‌పీ ఇది.

మొదటి లారీ దిగిన రోజే గుమాస్తా గారికి చిక్కొచ్చింది. వచ్చిన సరుకు నమోదు చేసే పేజీలో, అంటే పర్చేజ్ రిసీట్‌లో, తాను చిట్టాలో రాసుకునే ఐదు సంగతులకు చోటు కనబడలేదు. లారీ రసీదు నంబరు, కోల్డ్ స్టోరేజీ పేరు, లాట్ నంబరు, టిక్కీల సంఖ్య, తేమ శాతం.

"సాఫ్ట్‌వేర్ వాళ్లకు చెప్పి పెట్టించవయ్యా" అన్నారు యజమాని.

నిజానికి చెప్పాల్సిన పని లేదు. కోడ్ రాయకుండానే కొత్త గడులు చేర్చుకునే ఏర్పాటు ఈఆర్‌పీనెక్స్ట్‌లో ఉంది. వీటిని కస్టమ్ ఫీల్డులంటారు. గడి చేర్చడం రెండు నిమిషాల పని. అసలు కష్టమంతా ఆ గడి అక్కడ ఉండాలా, ఉంటే దాన్ని ఎవరు చదవాలి అన్నది తేల్చుకోవడంలోనే ఉంది.

ముందు, లేదనుకున్నవి నిజంగా లేవా అని చూడాలి. పర్చేజ్ రిసీట్ పేజీలో రవాణా వివరాల భాగం ఒకటి ఉంది. ట్రాన్స్‌పోర్టర్ పేరు, లారీ రసీదు నంబరు, దాని తేదీ అక్కడ ముందే ఉన్నాయి. ఆ భాగం మూసి ఉండడంతో గుమాస్తా గారి కంట పడలేదు, అంతే. కోల్డ్ స్టోరేజీ పేరుకూ కొత్త గడి అక్కర్లేదు. సరుకు ఎక్కడుందో ఆ చోటును ఈఆర్‌పీనెక్స్ట్ వేర్‌హౌస్ అంటుంది. వాడే ఒక్కో కోల్డ్ స్టోరేజీని ఒక్కో వేర్‌హౌస్‌గా నమోదు చేసుకుంటే చాలు, ఎక్కడ ఎన్ని కిలోలున్నాయో అదే చెబుతుంది. పేరును ఒక మామూలు గడిలో టైపు చేసుకుంటే ఆ లెక్క ఎప్పటికీ రాదు.

మూడోది లాట్ నంబరు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. "లాట్ నం." అని ఒక గడి చేర్చేసుకోవడం సులువే, నెల రోజులు బాగానే నడుస్తుంది కూడా. తర్వాత యజమాని ఒక రోజు "ఫలానా లాటులో ఇంకా ఎంత మిగిలిందయ్యా?" అని అడుగుతారు. జవాబు రాదు. సరుకు రాకపోకలను స్టాక్ లెడ్జర్ అనే ఖాతా రాస్తుంది. మనం చేర్చుకున్న గడి పర్చేజ్ రిసీట్ కాగితం మీద ఉంటుంది గానీ ఆ ఖాతా దాన్ని చదవదు. లాటు వారీ లెక్క కావాలంటే సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉన్న బ్యాచ్ ఏర్పాటు వాడాలి. సరుకు వివరాల పేజీలో `Has Batch No` అన్న చోట టిక్ పెట్టాలి. ఆ సరుకు మీద ఒక్క రాకో పోకో నమోదైతే ఆ టిక్ మార్చడానికి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. అందుకే ఇది మొదటి లారీ దిగకముందే తేల్చుకోవాల్సిన సంగతి.

ఐదులో మూడు ఇలా తేలిపోయాయి. నిజంగా కొత్త గడి కావాల్సినవి టిక్కీల సంఖ్య, తేమ శాతం. వీటిని గుమాస్తా గారు తానే చేర్చుకోవచ్చు. సిస్టమ్ మేనేజర్ అనే అధికారం మాత్రం ఆయన లాగిన్‌కు ఉండాలి.

పైనున్న వెతుకు గడిలో `Customize Form` అని కొడితే ఒక పేజీ తెరుచుకుంటుంది. ఏ పేజీని మార్చాలో ముందు ఎంచుకోవాలి. సహజంగా `Purchase Receipt` ఎంచుకుంటాం, అది పొరపాటు. ఒకే లారీలో తేజ రకం, 334 రకం రెండూ రావచ్చు. దేని తేమ దానిదే. పర్చేజ్ రిసీట్‌లో సరుకులు వరుసలుగా పడే పట్టికకు విడిగా `Purchase Receipt Item` అని పేరుంది. గడి అక్కడ చేర్చాలి. చేర్చేటప్పుడు పేరు ఇచ్చి, అది ఏ రకం గడో చెప్పాలి. టిక్కీల సంఖ్యకు `Int`, అంటే పూర్ణ సంఖ్య. తేమకు `Percent`.

రకం దగ్గర తొందరపడితే తర్వాత వెనక్కి రావడం కష్టం. ఏదైనా రాసుకోవడానికి వీలైన `Data` రకం ఎంచుకుంటే ఒకరు 12 అని, ఇంకొకరు 12% అని, మరొకరు "పన్నెండున్నర" అని రాస్తారు. సరాసరి తీయడం అటుంచి, ఎక్కువ నుంచి తక్కువకు వరుస పెట్టమన్నా కుదరదు. అక్షరాలుగా చూస్తే 9 అన్నది 12 కంటే పెద్దది మరి. పోనీ తర్వాత మారుద్దామంటే `Data` నుంచి `Percent`కు మార్చడానికి సాఫ్ట్‌వేర్ అనుమతించదు. `Float`, `Percent`, `Currency`, ఈ మూడింటి మధ్య మాత్రం మార్పు కుదురుతుంది.

సేవ్ చేయగానే వెనక డేటాబేస్ పట్టికలో ఒక కొత్త నిలువు వరుస పుడుతుంది. గడికి తెరమీది పేరు కాక లోపలి పేరు కూడా ఒకటి ఉంటుంది. తెరమీద `Tikki Count` అని పెడితే 15వ వెర్షన్ నుంచి లోపలి పేరు `custom_tikki_count` అవుతుంది. ముందున్న ఆ `custom_` ఎందుకంటే, రేపు కంపెనీ వాళ్లే అదే పేరుతో ఒక గడి తెస్తే రెండూ ఢీకొనకూడదని. శాప్ వాళ్ల ఎస్/4హానాలోనూ వాడకందార్లు చేర్చుకున్న గడుల పేర్లు `YY1_` తో మొదలవుతాయి, కారణం ఇదే. మన గడుల వివరాలు అసలు సాఫ్ట్‌వేర్‌తో కలవకుండా విడిగా దాచి ఉంటాయి కాబట్టి కొత్త వెర్షన్ వేసినా చెరిగిపోవు. అసలు కోడ్‌లోనే చెయ్యి పెట్టించుకున్న వాళ్లకు ఈ భరోసా ఉండదు.

లోపలి పేరుతో ఇంకో పనుంది. పర్చేజ్ రిసీట్ నుంచి కొనుగోలు బిల్లు తయారుచేసినప్పుడు, రెండు పట్టికల్లోనూ ఒకే లోపలి పేరున్న గడుల విలువలు వాటంతటవే ఇక్కడి నుంచి అక్కడికి వెళతాయి. బిల్లులోనూ తేమ కనబడాలంటే `Purchase Invoice Item`లో అచ్చం అదే పేరుతో గడి చేర్చాలి. ఇక్కడ `Moisture` అని, అక్కడ `Moisture Percent` అని పెడితే బిల్లులో ఆ గడి ఖాళీగా వస్తుంది. చాలాచోట్ల "సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉంది" అని వచ్చే ఫిర్యాదుల్లో ఇదొకటి.

గడి వచ్చాక గుమాస్తా గారికి ఇంకో ఆలోచన వస్తుంది. కుర్రాళ్లు తేమ రాయడం మరిచిపోతే? తప్పనిసరి చేసేద్దాం అనుకుని `Mandatory` టిక్ పెడతారు. మర్నాడు ఖాళీ గోనె సంచులు కొన్న రసీదు నమోదు చేస్తుంటే సాఫ్ట్‌వేర్ ఆపి, గోనెల తేమ ఎంత అని అడుగుతుంది. కుర్రాడు విసుక్కుని 0 కొట్టి ముందుకెళతాడు. ఆ సున్నాను సాఫ్ట్‌వేర్ సరేనంటుంది. ఆ సున్నాల సంగతి చివర్లో చూద్దాం. దీనికి మందు షరతు పెట్టడం. `Mandatory Depends On` అన్న చోట ఇలా రాస్తే మిర్చి గ్రూపు సరుకుకు మాత్రమే తేమ తప్పనిసరి అవుతుంది.

```
eval:doc.item_group=="Dry Chilli"
```

ఎక్సెల్‌లో ఫార్ములా రాయగలిగినవాళ్లకు ఇది కొరుకుడు పడనిదేం కాదు. దీనికి ఒక హద్దుంది, అది మాత్రం తెలిసి ఉండాలి. ఈ షరతును పరీక్షించేది తెర మీది పేజీ, దాని వెనకున్న సర్వర్ కాదు. రెండో బ్రాంచి వాళ్లు ఎక్సెల్ ఫైలు ద్వారా ఒకేసారి రెండొందల రసీదులు ఎక్కిస్తే షరతు అసలు అడ్డురాదు. తేమ లేకుండానే అన్నీ లోపలికి వెళ్లిపోతాయి. ఎవరు ఏ దారిన వచ్చినా ఆగాల్సిందే అన్నంత ముఖ్యమైన నియమమైతే అది సర్వర్ దగ్గర ఉండాలి, అది డెవలపర్ పని.

తేమ పరీక్ష ఫలితం రెండు రోజులు ఆలస్యంగా వచ్చే చోట తప్పనిసరి అన్న మాటే పనికిరాదు. సబ్మిట్ చేసిన రసీదుకు తాళం పడుతుంది, ఏ గడీ మారదు. `Allow on Submit` అన్న టిక్ పెట్టిన గడిని మాత్రం తర్వాత కూడా నింపుకోవచ్చు. తేమ లాంటి సమాచారానికి ఇది సరిగ్గా సరిపోతుంది. డబ్బుకు సంబంధించిన గడికి మాత్రం ఈ టిక్ పెట్టకండి. తాళం వేసి తాళంచెవి గుమ్మానికి తగిలించినట్టే అవుతుంది.

ఇంకొకటి, ప్రింటు. మామూలు ప్రింటు నమూనాలో కొత్త గడి, అందులో విలువ ఉంటే, చెప్పకుండానే అచ్చవుతుంది. "సరుకు నాసి, ఈ రైతు దగ్గర మళ్లీ కొనొద్దు" అని లోపలి వాళ్ల కోసం రాసుకున్న వ్యాఖ్య అదే రైతు చేతికిచ్చే కాగితం మీద పడితే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. గడి చేర్చేటప్పుడే `Print Hide` టిక్ సంగతి చూసుకోవాలి.

ఇక్కడి దాకా గుమాస్తా గారు ఒక్కరే చేసుకోగల పనులు. గీత ఎక్కడ పడుతుందో తరుగు దగ్గర తెలుస్తుంది.

ఒక లాటులో 100 టిక్కీలు వచ్చాయి. కాటా బరువు 4,180 కిలోలు. ఒప్పుకున్న తేమ 12 శాతం, వచ్చింది 14. టిక్కీకి కిలో చొప్పున 100 కిలోలు తరుగు తీయాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. కిలో ధర 150 రూపాయలు. గుమాస్తా గారు ఉత్సాహంగా "నికర బరువు" అని ఇంకో గడి చేర్చి అందులో 4,080 రాశారు. సాఫ్ట్‌వేర్ సొంత గడి అయిన పరిమాణం దగ్గర, అంటే `qty` లో, కాటా బరువు 4,180 అలాగే ఉంది. రైతుకు బాకీ ఎంత పడుతుంది? సాఫ్ట్‌వేర్ లెక్కలో 4,180ని 150తో గుణించి 6,27,000. నిజంగా ఇవ్వాల్సింది 6,12,000. తేడా 15,000 రూపాయలు. స్టాకులోనూ 100 కిలోలు ఎక్కువ కనబడతాయి. "నికర బరువు" గడిని మనుషులు చదివారు గానీ ఖాతా చదవలేదు.

ఈ తప్పు వెంటనే బయటపడదు. చెల్లింపు నాడు రైతు లెక్కకూ బిల్లుకూ పొసగనప్పుడో, కోల్డ్ స్టోరేజీలో నిల్వ తూచినప్పుడో తెలుస్తుంది.

దిద్దడానికి కోడ్ అక్కర్లేదు, తిరగేస్తే చాలు. డబ్బు లెక్కకు ఆధారమైన అంకె, అంటే 4,080, సాఫ్ట్‌వేర్ సొంత గడి `qty`లో ఉండాలి. దానికి వివరణ అయిన కాటా బరువు 4,180 మనం చేర్చుకున్న గడిలో ఉండాలి. నా మట్టుకు నేను ఏ కొత్త గడి గురించి అడిగినా ముందు అడిగే ప్రశ్న ఇదే. ఈ అంకెను చదివేది మనిషా, ఖాతానా? మనిషే అయితే మీరే చేర్చుకోండి. ఖాతా చదవాలంటే దానికి సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉన్న చోటు వెతకండి. అలాంటి చోటు లేకపోతే అప్పుడు డెవలపర్‌ను పిలవండి.

"కాటా బరువు, తరుగు రాస్తే నికర బరువు దానంతటదే పడేలా పెట్టుకోలేమా?" అని యజమాని అడగొచ్చు. పెట్టొచ్చు. అక్కడే జాగ్రత్త కావాలి. చిన్న చిన్న లెక్కలకు క్లయింట్ స్క్రిప్ట్ అనే ఏర్పాటు ఉంది. ఉదాహరణకు కాటా బరువును టిక్కీల సంఖ్యతో భాగించి టిక్కీకి సగటు బరువు చూపించాలంటే ఇంత చాలు.

```
frappe.ui.form.on("Purchase Receipt Item", {
  custom_tikki_count(frm, cdt, cdn) {
    const r = locals[cdt][cdn];
    if (r.custom_tikki_count)
      frappe.model.set_value(cdt, cdn, "custom_avg_kg",
        r.custom_gross_weight / r.custom_tikki_count);
  }
});
```

4,180 కిలోలు రాసి, తర్వాత 100 అని కొట్టగానే పక్కన 41.8 పడుతుంది. చూడముచ్చటగా ఉంటుంది. ఇప్పుడు కాటా బరువు తప్పు రాశామని గుర్తొచ్చి దాన్ని 4,280గా దిద్దామనుకోండి. సగటు 41.8 దగ్గరే ఉండిపోతుంది. ఎందుకంటే టిక్కీల సంఖ్య మారినప్పుడు లెక్కేయమని చెప్పాం గానీ బరువు మారినప్పుడు చెప్పలేదు. ఎక్సెల్‌లోనైతే ఏ అంకె మారినా ఫార్ములా తిరిగి లెక్కేస్తుంది, అదే అలవాటుతో ఇక్కడ మోసపోతాం. అదీకాక ఎక్సెల్ ఫైలు ద్వారా ఎక్కించిన రసీదుల్లో ఈ స్క్రిప్టు అసలు నడవదు, సగటు గడి సున్నాగా ఉండిపోతుంది.

సగటు బరువు విషయంలో ఇలా జరిగితే పెద్ద నష్టం లేదు, అది ఎవరి బాకీనీ మార్చదు. అదే పద్ధతిలో `qty`ని మార్చే స్క్రిప్టు రాస్తే పాత అంకె మిగిలిపోయిన ప్రతిసారీ రైతు బాకీ తప్పుతుంది. ఆ లెక్క సర్వర్ దగ్గర, సేవ్ అయ్యే ముందు, ఏ దారిన వచ్చిన రసీదుకైనా జరగాలి. వెనక్కి పంపిన సరుకు రసీదులో పరిమాణం రుణ సంఖ్యగా ఉంటుంది, అప్పుడు తరుగు ఎటు పోవాలో కూడా ఆలోచించి పరీక్షించాలి. అందుకే ఇది డెవలపర్‌కు ఇవ్వాల్సిన పని. సర్వర్ స్క్రిప్టులను 15వ వెర్షన్ నుంచి కంపెనీయే మామూలుగా మూసి ఉంచుతోంది, కావాలనుకున్నవాళ్లు పనిగట్టుకుని తెరుచుకోవాలి.

బయటి వ్యవస్థలతో మాట్లాడే కాగితాలదీ ఇదే దారి. అమ్మకం బిల్లులో మనం చేర్చిన గడి జీఎస్‌టీ ఈ-ఇన్వాయిస్‌లోకి దానంతటది వెళ్లదు. ఆ నమూనా ప్రభుత్వం ముందే నిర్ణయించింది, అందులో లేనిదాన్ని పంపడానికి లేదు. ఉన్నదాన్ని మన గడి నుంచి నింపాలన్నా కోడ్ కావాలి.

గడులు చేర్చడం సులువు కాబట్టి చేరుతూనే పోతాయి. ఒకరు వచ్చి "రైతు ఊరు" అంటారు, ఇంకొకరు "దలాలు ఫోను" అంటారు, మూడోవారు నిరుడు వాడి వదిలేసిన గడి ఉండగానే దాన్నే వేరే పేరుతో పెడతారు. దీనికి డేటాబేస్‌లో కచ్చితమైన అడ్డు ఒకటుంది. `Data`, `Link`, `Select` రకాల గడి ఒక్కొక్కటి మామూలుగా 140 అక్షరాల చోటు అడుగుతుంది. తెలుగు సహా అన్ని లిపులకూ సరిపోయేలా అక్షరానికి 4 బైట్ల చొప్పున 560 బైట్లు. ఈఆర్‌పీనెక్స్ట్ ఎక్కువగా నడిచే మరియాడీబీలో ఒక పట్టిక వరుసకు గరిష్ఠ హద్దు 65,535 బైట్లు. లెక్కేస్తే ఇలాంటి గడులు 117కు మించి పట్టవు. అమ్మకం బిల్లు లాంటి పెద్ద పేజీలో సాఫ్ట్‌వేర్ సొంతంగా పెట్టుకున్నవే ఇందులో చాలా భాగం తినేస్తాయి. హద్దు దాటిన రోజు కొత్త గడి సేవ్ కాదు, `Row size too large` అని వస్తుంది. ఫోను నంబరుకు 140 అక్షరాలు దండగ, `Length` దగ్గర 15 అని ఇస్తే సరిపోతుంది. పొడవైన వ్యాఖ్యలకు `Small Text` వాడితే దాని పాఠం వరుస బయట ఉంటుంది, ఈ హద్దులోకి పెద్దగా రాదు.

పోనీ అక్కర్లేని గడిని తీసేద్దామంటే, తెర మీద నుంచి పోతుంది గానీ డేటాబేస్‌లో ఆ నిలువు వరుస, అందులోని సమాచారం అలాగే ఉంటాయి. అదే పేరుతో మళ్లీ చేరిస్తే పాత విలువలు తిరిగి ప్రత్యక్షమవుతాయి. పొరపాటున తీసేసినవాళ్లకు ఇది వరం, చోటు ఖాళీ అవుతుందని తీసినవాళ్లకు నిరాశ. నిజంగా ఖాళీ చేయాలంటే సర్వర్‌లో `bench trim-tables` అనే ఆదేశం నడపాలి. అది నడిపాక సమాచారం వెనక్కి రాదు, కాబట్టి ముందు బ్యాకప్ తీసుకోవాలి. ఏ గడి ఎవరు అడిగితే, దేనికోసం, ఎప్పుడు పెట్టామో ఒక పుస్తకంలో రాసుకునే సంస్థల్లో ఈ పీడ తక్కువ. అసలు కొత్త గడులు చేర్చే అధికారం ఒకరిద్దరికే ఇవ్వడం మేలని నా అభిప్రాయం.

ఇప్పుడు ఆ సున్నాల సంగతి. తేమ గడి చేర్చి మూడు నెలలయింది, ఈ సీజన్ సరాసరి తేమ ఎంతో చూద్దామని యజమానికి అనిపించింది. రిపోర్టు పేజీలో గడిని ఎంచుకుని సరాసరి అడిగితే 3 శాతం అని వచ్చింది. అంత ఎండిన మిర్చి గుంటూరులో ఎవరూ చూసి ఉండరు. జరిగింది ఏమిటంటే, గడి చేర్చక ముందున్న రసీదుల వరుసలు 300, చేర్చాక వచ్చినవి 100. సంఖ్యల గడి కొత్తగా పుట్టినప్పుడు పాత వరుసలన్నిటిలోనూ అది ఖాళీగా కాక సున్నాగా నిలుస్తుంది. కొత్త 100 వరుసల్లో తేమ సగటున 12. పాత 300 సున్నాలతో కలిపి భాగిస్తే 3 వస్తుంది. గోనెలు కొన్నప్పుడు విసుగుతో కొట్టిన సున్నాలూ, ఎక్సెల్ దారిన వచ్చిన ఖాళీలూ కూడా ఇందులో చేరే ఉంటాయి. రిపోర్టు తీసేటప్పుడు తేమ 0 కంటే ఎక్కువ ఉన్న వరుసలే కావాలని ఫిల్టర్ పెడితే 12 వస్తుంది. ఆ ఫిల్టర్‌తో సహా రిపోర్టును ఒక పేరుతో సేవ్ చేసి ఇచ్చేయాలి, లేకపోతే వచ్చే నెల ఇంకొకరు తీసి మళ్లీ 3 శాతం అంటారు.